హెచ్‌ఆర్‌ఏ మీద పన్ను మినహాయింపు: నెలవారీగా ఎలా లెక్కేయాలి, అది నిజంగా ఎప్పుడు పనికొస్తుంది

జీతం స్లిప్పులో హెచ్‌ఆర్‌ఏ అని 24,000 రూపాయలు కనిపిస్తే, ఆ 24,000కీ పన్ను ఉండదని అనుకునేవాళ్లు చాలామంది. కట్టే అద్దె మొత్తానికీ మినహాయింపు వస్తుందని అనుకునేవాళ్లు ఇంకొంతమంది. రెండూ సరికాదు. హెచ్‌ఆర్‌ఏలో ఎంత భాగానికి పన్ను పడదో తేల్చడానికి ఆదాయపు పన్ను నిబంధనల్లో ఒక లెక్క ఉంది. ఆ లెక్కను ఏడాది మొత్తానికి ఒకేసారి కాకుండా పరిస్థితి మారిన ప్రతిసారీ విడిగా వేసుకోవాలి. అంతా వేశాక కూడా, కొత్త పన్ను విధానంతో పోల్చి చూస్తే తప్ప మీకు రూపాయి మిగులుతుందో లేదో తెలియదు. ఈ రెండు పనులూ ఎలా చేయాలో ఒకే ఉదాహరణతో చూద్దాం.

ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. అంటే 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు వచ్చిన జీతానికి వర్తించేవి. దీనికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే ఆధారం: సెక్షన్ 10(13ఏ), దానికింద రూల్ 2ఏ. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే జీతాలకు కొత్తగా చేసిన 2025 చట్టం వర్తిస్తుంది కాబట్టి, ఆ ఏడాది లెక్క వేసేటప్పుడు నగరాల జాబితానూ, పరిమితులనూ, ఫారం నంబర్లనూ కొత్త నిబంధనల్లో చూసుకోండి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

పన్నెండు నెలల జీతం స్లిప్పులు తీసి పెట్టుకోండి. ఒక్క మార్చి నెల స్లిప్పు చాలదు. ప్రతి స్లిప్పులోనూ మీకు కావలసినవి మూడే అంకెలు: బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ. స్పెషల్ అలవెన్సు, కన్వేయన్సు, బోనస్ వంటివి ఈ లెక్కలోకి రావు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గ్రాస్ జీతాన్ని పట్టుకుని అందులో పది శాతం తీసేస్తారు, దాంతో రావలసిన మినహాయింపు బాగా తగ్గిపోతుంది.

ఈ లెక్కలో 'జీతం' అంటే బేసిక్‌తో పాటు, రిటైర్మెంటు ప్రయోజనాలకు లెక్కలోకి తీసుకునే డీఏ. ప్రభుత్వ ఉద్యోగులకు డీఏ తప్పక కలుస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో చాలావరకు డీఏ ఉండదు కాబట్టి బేసిక్ ఒక్కటే సరిపోతుంది. అమ్మకాల మీద స్థిరమైన శాతంగా కమీషన్ తీసుకునే ఉద్యోగం అయితే ఆ కమీషన్‌ను కూడా కలపాలి.

స్లిప్పుల పక్కనే అద్దె కట్టిన వివరాలు పెట్టుకోండి. ఏ నెలలో ఎంత కట్టారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. అపార్టుమెంటు అసోసియేషన్‌కు విడిగా కట్టే మెయింటెనెన్సు, కరెంటు బిల్లు, ఇల్లు తీసుకున్నప్పుడు ఇచ్చిన అడ్వాన్సు అద్దె కిందకు రావు.

మూడు అంకెలు, వాటిలో చిన్నది

ఇప్పుడు ఒక నెలకు ఈ మూడు అంకెలు రాసుకోండి.

1. ఆ నెల కంపెనీ ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ.
2. ఆ నెల కట్టిన అద్దెలోంచి, జీతంలో 10 శాతం తీసేయగా మిగిలింది.
3. జీతంలో 40 శాతం. ఇల్లు ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలలో ఉంటే 50 శాతం.

మూడింటిలో ఏది తక్కువైతే అంతవరకే పన్ను ఉండదు. హెచ్‌ఆర్‌ఏలో మిగిలిన భాగం మామూలు జీతంలాగే పన్నుకు లోబడుతుంది.

మూడో అంకె విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. హైదరాబాద్, బెంగళూరు ఎంత పెద్ద నగరాలైనా, అద్దెలు ఎంత మండిపోతున్నా, 2025-26 లెక్కలో అవి 40 శాతం జాబితాలోనే ఉన్నాయి. విశాఖ, విజయవాడ, వరంగల్ కూడా అంతే. 50 శాతం ఆ నాలుగు నగరాలకే. రూల్ 2ఏ చూసేది కూడా మీరు అద్దెకుంటున్న ఇల్లు ఎక్కడుందనే. కంపెనీ హెడ్ ఆఫీసు ముంబయిలో ఉన్నంత మాత్రాన హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న ఉద్యోగికి 50 శాతం రాదు.

ఉదాహరణ: పన్నెండు నెలలు మూడు ముక్కలుగా

మీరు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నారనుకుందాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు బేసిక్ 60,000, హెచ్‌ఆర్‌ఏ 24,000. అక్టోబరులో ఇంక్రిమెంటు వచ్చి బేసిక్ 70,000, హెచ్‌ఆర్‌ఏ 28,000 అయింది. స్పెషల్ అలవెన్సు ఏడాదంతా నెలకు 34,000. అన్నీ కలిపితే ఏడాది జీతం సరిగ్గా 15 లక్షలు.

ఏప్రిల్, మే నెలల్లో మీరు అక్కావాళ్లింట్లో ఉన్నారు, అద్దె కట్టలేదు. జూన్‌లో సొంతంగా ఇల్లు తీసుకుని నెలకు 20,000 కడుతున్నారు.

ఇక్కడ పరిస్థితి రెండుసార్లు మారింది. జూన్‌లో అద్దె మొదలైంది, అక్టోబరులో బేసిక్ మారింది. కాబట్టి ఏడాదిని మూడు ముక్కలు చేయాలి.

ఏప్రిల్, మే: అద్దె లేదు కాబట్టి మినహాయింపు సున్నా. కంపెనీ ఇచ్చిన 48,000 మొత్తం పన్నుకు లోబడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు: వచ్చిన హెచ్‌ఆర్‌ఏ 24,000. అద్దె 20,000లోంచి బేసిక్‌లో పది శాతం 6,000 తీసేస్తే 14,000. బేసిక్‌లో 40 శాతం 24,000. తక్కువది 14,000. నాలుగు నెలలకు 56,000.

అక్టోబరు నుంచి మార్చి: వచ్చిన హెచ్‌ఆర్‌ఏ 28,000. అద్దె 20,000లోంచి 7,000 తీసేస్తే 13,000. బేసిక్‌లో 40 శాతం 28,000. తక్కువది 13,000. ఆరు నెలలకు 78,000.

మొత్తం మినహాయింపు 1,34,000. ఏడాదిలో చేతికొచ్చిన హెచ్‌ఆర్‌ఏ 3,12,000 కాబట్టి మిగిలిన 1,78,000కు పన్ను పడుతుంది.

ఇదే లెక్క ఏడాది మొత్తానికి ఒకేసారి వేస్తే ఏమవుతుందో చూడండి. మొత్తం అద్దె 2,00,000. ఏడాది బేసిక్ 7,80,000లో పది శాతం 78,000. తీసేస్తే 1,22,000. అంటే 12,000 తగ్గింది. కారణం తేలికే: అద్దె కట్టని ఏప్రిల్, మే నెలల బేసిక్‌లో కూడా పది శాతం కోసేశాం. నిబంధన ప్రకారం మీరు ఆ ఇంట్లో అద్దెకున్న కాలానికి వచ్చిన జీతాన్నే చూడాలి. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఈ 12,000 తేడా సెస్సుతో కలిపి 3,744 రూపాయల పన్ను.

మీ కంపెనీ ఏ పద్ధతిలో లెక్కేసిందో ఫారం 16 పార్ట్ బీ చూస్తే తెలిసిపోతుంది. సెక్షన్ 10 కింద మినహాయింపు పొందిన అలవెన్సుల దగ్గర హెచ్‌ఆర్‌ఏ అంకె ఉంటుంది. అది మీరు వేసుకున్న నెలవారీ మొత్తంతో సరిపోవాలి. తేడా వస్తే ముందు పేరోల్ వాళ్లను అడగండి. వాళ్ల లెక్కే తప్పయితే రిటర్ను వేసేటప్పుడు సరైన అంకె వేసుకునే హక్కు మీకుంది, కాకపోతే ఆధారాలు మీ దగ్గర ఉండాలి.

ఏ అంకె అడ్డుపడుతోందో చూడండి

పై ఉదాహరణలో ప్రతిసారీ తక్కువగా తేలింది రెండో అంకే, అంటే అద్దెలోంచి పది శాతం తీసేయగా మిగిలింది. ఈ సంగతి గమనిస్తే చాలా విషయాలు అర్థమవుతాయి.

మొదటిది, ఇంక్రిమెంటు వచ్చాక మినహాయింపు పెరగకపోగా నెలకు వెయ్యి తగ్గింది. బేసిక్ 10,000 పెరిగింది, దానిలో పది శాతం అద్దెలోంచి అదనంగా తెగింది. హెచ్‌ఆర్‌ఏ 4,000 పెరిగినా మినహాయింపుకు అది ఏమాత్రం ఉపయోగపడలేదు. పేరోల్‌లో ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడక్కర్లేదు, లెక్కే అంత.

రెండోది, ఇలాంటి పరిస్థితిలో హెచ్‌ఆర్‌ఏ భాగాన్ని పెంచమని కంపెనీని అడిగి లాభం లేదు. అడ్డుపడుతున్నది అద్దె. ఇంటి యజమాని అద్దె పెంచితే మాత్రం పెంచిన ప్రతి రూపాయికీ మినహాయింపు వస్తుంది, ఒక హద్దు వరకు. బేసిక్ 60,000, హెచ్‌ఆర్‌ఏ 24,000 ఉన్నప్పుడు ఆ హద్దు నెలకు 30,000 అద్దె. అంతకు మించి ఎంత కట్టినా మినహాయింపు 24,000 దగ్గరే ఆగిపోతుంది.

ఈ రెండో అంకే మన జిల్లాల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులు చాలామందిని నిరాశపరుస్తుంది. బేసిక్ 50,000, డీఏ 15,000, కట్టే అద్దె 8,000 అనుకోండి. జీతం 65,000లో పది శాతం 6,500. మినహాయింపు నెలకు 1,500 మాత్రమే. అద్దె 6,500 అయినా, అంతకంటే తక్కువైనా అసలేమీ రాదు. హెచ్‌ఆర్‌ఏ నెలనెలా చేతికి వస్తూనే ఉంటుంది, కానీ దాని మొత్తానికీ పన్ను పడుతుంది. సొంతింట్లో ఉంటున్నవాళ్ల పరిస్థితి కూడా ఇదే. హెచ్‌ఆర్‌ఏ ఇస్తారు, మినహాయింపు ఉండదు.

అసలు ప్రశ్న: పన్ను తగ్గుతుందా?

హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. 2023-24 నుంచి ఎవరూ ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది, అందులో ఈ మినహాయింపు లేదు. కాబట్టి పై 1,34,000 అంకె తేలగానే సంబరపడకుండా రెండు విధానాల్లోనూ పన్ను వేసి చూడాలి.

అదే 15 లక్షల జీతానికి కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 14,25,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000. ఆపై 4 లక్షలకు 10 శాతం చొప్పున 40,000. మిగిలిన 2,25,000కు 15 శాతం చొప్పున 33,750. మొత్తం 93,750, దానిమీద 4 శాతం సెస్సు కలిపితే 97,500.

పాత విధానంలో హెచ్‌ఆర్‌ఏ 1,34,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటివి కలిపి 80సీ కింద 1,50,000, ఆరోగ్య బీమా ప్రీమియం 25,000 తీసేద్దాం. వృత్తి పన్ను చిన్న మొత్తం కాబట్టి వదిలేస్తున్నాను. మిగిలింది 11,41,000. రెండున్నర నుంచి 5 లక్షల దాకా 5 శాతం చొప్పున 12,500. 5 నుంచి 10 లక్షల దాకా 20 శాతం చొప్పున 1,00,000. పైన 1,41,000కు 30 శాతం చొప్పున 42,300. సెస్సుతో కలిపి 1,60,992.

అంటే ఇంత లెక్కా వేసి, రసీదులన్నీ పోగేసి పాత విధానం ఎంచుకుంటే 63,492 రూపాయలు ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఈ జీతానికి హెచ్‌ఆర్‌ఏ ఒక్కదాన్నే నమ్ముకుంటే నష్టమే. సహోద్యోగి పాత విధానంలో ఉన్నాడు కదా అని మీరూ అదే ఎంచుకోవద్దు. ఆయన మినహాయింపులు వేరు, మీవి వేరు.

మరి ఎప్పుడు లాభం? 15 లక్షల జీతానికి రెండు విధానాల్లో పన్ను సమానం కావాలంటే, స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా పాత విధానంలో మొత్తం మినహాయింపులు 5,43,750 ఉండాలి. దాన్ని దాటితేనే పాత విధానం చౌక. జీతం మారితే ఈ హద్దూ మారుతుంది. 24,75,000 జీతానికి అది 8 లక్షలు. జీతం 12,75,000 లోపే అయితే కొత్త విధానంలో అసలు పన్నే ఉండదు కాబట్టి హెచ్‌ఆర్‌ఏ గురించి ఆలోచించే పనే లేదు.

ఈ హద్దు దాటేవాళ్లలో ఎక్కువమందికి గృహరుణం కూడా ఉంటుంది. మన ఉదాహరణనే కొంచెం మారుద్దాం. మీకు కరీంనగర్‌లో సొంతిల్లుంది, అమ్మానాన్న అందులో ఉంటున్నారు, దాని మీద బ్యాంకు రుణానికి ఏడాదికి 2,00,000 వడ్డీ కడుతున్నారు. ఉద్యోగం కోసం మీరు హైదరాబాద్‌లో అద్దెకున్నారు. ఇల్లు ఒక ఊళ్లో, ఉద్యోగం మరో ఊళ్లో అయినప్పుడు వడ్డీ, హెచ్‌ఆర్‌ఏ రెండూ క్లెయిం చేయడానికి చట్టంలో అడ్డంకి లేదు. ఇప్పుడు మినహాయింపులు 1,34,000, 1,50,000, 25,000, 2,00,000 కలిపి 5,09,000. హద్దుకు ఇంకా 34,750 తక్కువ. పాత విధానంలో పన్ను 1,04,728 వస్తుంది, కొత్తదానికంటే 7,228 ఎక్కువే.

దీనికి తోడు మీరు ఎన్‌పీఎస్‌లో సొంతంగా 50,000 వేశారనుకోండి. సెక్షన్ 80సీసీడీ(1బీ) కింద అదీ తీసేస్తే ఆదాయం 8,91,000కు వస్తుంది. పన్ను 94,328. ఇప్పుడు పాత విధానం 3,172 రూపాయలు చౌక. ఈ కేసులో హెచ్‌ఆర్‌ఏ నిజంగానే పనికొచ్చింది, ఎందుకంటే అది లేకపోతే హద్దు దాటేవాళ్లు కాదు. కానీ ఆ మూడు వేల కోసం 50,000ను రిటైర్మెంటు దాకా లాక్ చేయడం మీకు సమ్మతమేనా అన్నది వేరే ప్రశ్న. పన్ను కోసమే అయితే నేను వద్దనే అంటాను.

కంపెనీకి ఇవ్వాల్సిన కాగితాలు

పాత విధానమే లాభమని తేలితే ఫారం 12బీబీలో అద్దె మొత్తం, యజమాని పేరు, చిరునామా రాసి పేరోల్‌కు ఇవ్వాలి. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు తప్పనిసరి. మన ఉదాహరణలో అద్దె రెండు లక్షలు కాబట్టి పాన్ అడగాల్సిందే. అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి చెప్పడం మంచిది. జనవరిలో పేరోల్ వాళ్లు ఆధారాలు అడిగినప్పుడు ఫోన్ చేస్తే, పాన్ ఇవ్వనని మొండికేసే యజమానులు ఉంటారు. అప్పుడు కంపెనీ మినహాయింపు ఇవ్వదు.

రసీదులో నెల, మొత్తం, ఇంటి చిరునామా, ఇద్దరి పేర్లు, యజమాని సంతకం ఉండాలి. నగదుగా 5,000కు మించి ఇస్తే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. నా సలహా మాత్రం నగదు వద్దనే. రసీదు ఎవరైనా రాయొచ్చు, ప్రతి నెలా మీ ఖాతాలోంచి యజమాని ఖాతాలోకి వెళ్లిన డబ్బును ఎవరూ కాదనలేరు.

అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె కట్టి క్లెయిం చేయడం తప్పు కాదు. ఇల్లు వాళ్ల పేరు మీద ఉండాలి, డబ్బు నిజంగా వాళ్ల ఖాతాలోకి వెళ్లాలి, వాళ్లు దాన్ని తమ రిటర్నులో ఇంటి అద్దె ఆదాయంగా చూపాలి. పంపిన డబ్బు మర్నాడే వెనక్కి మీ ఖాతాలోకి వస్తుంటే అది అద్దె కాదు, అధికారులకు ఆ సంగతి స్టేట్‌మెంట్ చూడగానే అర్థమవుతుంది. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు అద్దె కట్టినట్టు చూపడం వివాదాలకు దారితీస్తుంది, ఆ జోలికి పోకండి. లేని అద్దెకు రసీదులు పుట్టిస్తే, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఎగ్గొట్టిన పన్నుకు రెండు రెట్ల దాకా జరిమానా పడుతుంది.

అద్దె నెలకు 50,000 దాటితే ఇంకో బాధ్యత ఉంది. యజమానికి ఇచ్చే అద్దెలోంచి మీరే 2 శాతం టీడీఎస్ కోసి ఫారం 26క్యూసీ ద్వారా కట్టాలి. దీన్ని నెలనెలా చేయక్కర్లేదు. మార్చిలో ఒకసారి, లేదా మధ్యలో ఇల్లు ఖాళీ చేస్తే ఆ చివరి నెలలో కోస్తే సరిపోతుంది. యజమాని విదేశాల్లో ఉంటే నిబంధనలు వేరు, కోత చాలా ఎక్కువ, ఆడిటరును అడిగి చేయండి.

కంపెనీకి చెప్పడం మర్చిపోతే

ఏప్రిల్‌లో పేరోల్ పోర్టల్‌లో ఏమీ ఎంచుకోకపోతే కంపెనీ కొత్త విధానం ప్రకారమే టీడీఎస్ కోస్తుంది, ఫారం 16లో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కనిపించదు. అలాగని అవకాశం పోయినట్టు కాదు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు ప్రతి ఏడాదీ రిటర్ను వేసేటప్పుడు విధానం మార్చుకోవచ్చు. రిటర్నులో కొత్త విధానం నుంచి బయటికి వస్తున్నట్టు ఎంచుకుని, సెక్షన్ 10(13ఏ) దగ్గర మీరు నెలవారీగా లెక్కేసిన మొత్తం వేయాలి. వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, కట్టిన అద్దె, బేసిక్, డీఏ కూడా అడుగుతుంది కాబట్టి ముందు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకోండి. ఎక్కువ కోసిన టీడీఎస్ ఏమైనా ఉంటే రిఫండుగా వస్తుంది.

ఫారం 16లో లేని మినహాయింపు రిటర్నులో కనిపిస్తే ఆధారాలు అడుగుతూ నోటీసు రావచ్చు. అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, యజమాని పాన్ ఒకే ఫోల్డరులో ఉంటే జవాబివ్వడం పెద్ద పని కాదు. గడువు ఒక్కటి మాత్రం మరవొద్దు. పాత విధానం ఎంచుకోవాలంటే రిటర్ను గడువులోపే వేయాలి, జీతగాళ్లకు సాధారణంగా అది జులై 31. ఆ తేదీ దాటాక ఆలస్య రుసుముతో రిటర్ను వేయొచ్చు గానీ, కొత్త విధానంలోనే వేయాల్సి వస్తుంది, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఆ ఏడాదికి పోయినట్టే.